z² + 2z̄ + c = 0 కి సాధనలు ఎన్ని?

z² + 2z̄ + 1 = 0 ని తృప్తిపరిచే సంకీర్ణ సంఖ్యలు ఎన్ని?

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్ తరగతిలో ఈ లెక్క బోర్డు మీద రాస్తే ఒక్క జవాబుతో సరిపోదు. 'వర్గ సమీకరణమే కదా సార్, రెండు' అని ముందు బెంచీలోంచే వస్తుంది. z̄ మీది గీతను పట్టించుకోకుండా z² + 2z + 1 గా చదివినవాళ్లు (z + 1)² = 0 అని రాసి −1 ఒక్కటే అంటారు. x + iy పెట్టి సాధించిన వాళ్లలో కూడా కొందరు 1 ± 2i దగ్గర ఆగిపోతారు. అసలు జవాబు మూడు: −1, 1 + 2i, 1 − 2i. JEE మెయిన్‌లో సంఖ్యను టైపు చేయాల్సిన ప్రశ్నగా ఇలాంటిది వస్తే ఆప్షన్లు చూసి సరిదిద్దుకునే అవకాశం ఉండదు. అందుకే ఈ ఒక్క సమీకరణాన్నే తీసుకుని, చివర ఉన్న 1 స్థానంలో c పెట్టి, c మారుతుంటే ఏం జరుగుతుందో చివరిదాకా చూద్దాం. ముందు c ని వాస్తవ సంఖ్యగానే ఉంచుదాం.

రెండు అన్న జవాబు ఎక్కడ తప్పిందో మొదట తేల్చాలి. n తరగతి బహుపదికి n మూలాలు ఉంటాయన్న సిద్ధాంతం z లోని బహుపదులకు చెప్పినది. z̄ అనేది z లో బహుపది కాదు. z ఘాతాలను ఎలా కూడినా, ఎలా గుణించినా z̄ రాదు. కాబట్టి ఆ సిద్ధాంతం ఇక్కడ రెండనీ చెప్పదు, నాలుగనీ చెప్పదు. వర్గ సమీకరణ సూత్రం కూడా పనికిరాదు. మిగిలిన దారి ఒకటే: z = x + iy అని రాసి, ఒక సంకీర్ణ సమీకరణాన్ని రెండు వాస్తవ సమీకరణాలుగా విడదీయడం.

z² = x² − y² + 2ixy. 2z̄ = 2x − 2iy. వీటిని కూడి c కలిపితే

వాస్తవ భాగం: x² − y² + 2x + c = 0
కల్పిత భాగం: 2xy − 2y = 0

సంకీర్ణ సంఖ్య సున్నా కావాలంటే రెండు భాగాలూ ఒకేసారి సున్నా కావాలి. కాగితం మీద చాలా తప్పులు మొదలయ్యేది రెండో పంక్తి దగ్గరే. 2xy = 2y అని రాసి, రెండు వైపులా 2y కొట్టేసి x = 1 అంటారు. y సున్నా కాదని తెలిస్తేనే y తో భాగించవచ్చు, ఆ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. కొట్టేయకుండా 2y(x − 1) = 0 అని కారణాంకాలుగా ఉంచితే y = 0 లేదా x = 1 అని రెండు దారులు కనబడతాయి. c = 1 లెక్కలో −1 పోయేది సరిగ్గా ఈ కొట్టివేత వల్లే. దీన్ని పట్టుకోవడం తేలిక: గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలై, జవాబులో x అక్షం మీది బిందువు ఒక్కటీ లేకపోతే, y = 0 పెట్టి ఒకసారి చూడాలి. అక్కడ నిజంగానే సాధన లేకపోవచ్చు, కానీ చూశాకే ఆ మాట అనాలి.

y = 0 దారిలో వెళితే x² + 2x + c = 0, అంటే x = −1 ± √(1 − c). x = 1 దారిలో వెళితే 1 − y² + 2 + c = 0, అంటే y² = 3 + c. బీజగణితం ఇంతే. c = 1 పెడితే మొదటి దారిలో x = −1 ఒక్కటే, రెండో దారిలో y = ±2. మొత్తం మూడు. 1 + 2i ని సరిచూస్తే z² = −3 + 4i, 2z̄ = 2 − 4i, మొత్తం −1, దానికి 1 కలిపితే సున్నా.

ఇప్పుడు ఇదే లెక్కను ఆర్గాండ్ తలంలో బొమ్మగా చదవాలి. కల్పిత భాగం ఇచ్చేది ఒక సరళరేఖాయుగ్మం: x అక్షం, దానికి లంబంగా (1, 0) గుండా పోయే x = 1 రేఖ. ఇందులో c లేదు కాబట్టి ఈ రెండు రేఖలూ ఎప్పుడూ కదలవు. వాస్తవ భాగాన్ని వర్గం పూర్తిచేసి రాస్తే

(x + 1)² − y² = 1 − c

ఇది (−1, 0) కేంద్రంగా ఉన్న లంబాతిపరావలయం. దీని అనంత స్పర్శరేఖలు y = ±(x + 1). c మారినా కేంద్రమూ అనంత స్పర్శరేఖలూ మారవు, శాఖలు మాత్రమే జరుగుతాయి. కదలని రెండు రేఖల మీద ఈ కదిలే వక్రం ఎన్నిచోట్ల తగులుతుందో అన్ని సాధనలు. శాంకవానికీ సరళరేఖాయుగ్మానికీ ఉమ్మడి అంశం లేనప్పుడు ఖండన బిందువులు నాలుగుకు మించవు, కాబట్టి పై హద్దు నాలుగు.

c ని బాగా రుణ సంఖ్య దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ వద్దాం. c = −8 దగ్గర వక్రం (x + 1)² − y² = 9. శాఖలు ఎడమకీ కుడికీ తెరుచుకుని ఉంటాయి, శీర్షాలు (−4, 0), (2, 0). x = 1 రేఖ ఈ రెండు శాఖల మధ్య ఖాళీలోంచి దేన్నీ తాకకుండా పోతుంది. సాధనలు −4, 2 మాత్రమే. c పెరిగేకొద్దీ శీర్షాలు కేంద్రం వైపు జరుగుతాయి. c = −3 చేరేసరికి కుడి శీర్షం సరిగ్గా (1, 0) మీదకు వస్తుంది, x = 1 రేఖ అక్కడ స్పర్శరేఖ అవుతుంది. రెండు దారులూ ఇక్కడ ఒకే బిందువును ఇస్తాయి: y = 0 నుంచి x = 1, −3 వస్తే, x = 1 నుంచి y = 0 వస్తుంది. అంటే 1 అన్న సాధన రెండుసార్లు రాతలోకి వస్తుంది. లెక్కపెట్టేటప్పుడు దాన్ని ఒక్కసారే లెక్కించాలి. c = −3 కి జవాబు రెండు: 1, −3. 'రెండు దారుల్లో వచ్చినవన్నీ కూడితే నాలుగు' అనుకునేవాళ్లు తప్పేది ఇక్కడే.

c, −3 దాటగానే కుడి శాఖ x = 1 రేఖను కోసుకుంటూ లోపలికి వస్తుంది. రేఖ మీద పైన ఒకటి, కింద ఒకటి ఖండన బిందువులు పుడతాయి. x అక్షం మీది రెండూ అలాగే ఉన్నాయి, మొత్తం నాలుగు. c = 0 ఈ అంతరంలోనిదే, సాధనలు 0, −2, 1 ± i√3. దీన్ని ఇంకో దారిలో సరిచూడవచ్చు. z² = −2z̄ ని z తో గుణిస్తే z³ = −2|z|². మాపాలు తీసుకుంటే |z|² = 2|z|, కాబట్టి |z| = 0 లేదా 2. సున్నాను పక్కనపెడితే z³ = −8. మిగిలిన మూడు సాధనలూ −8 ఘనమూలాలే, 2 వ్యాసార్ధం గల వృత్తంలో సమబాహు త్రిభుజం. ఈ మాపం దారి చాలా పొట్టిది, కానీ c = 0 కి మాత్రమే పనిచేస్తుంది. c ఏమున్నా z² + c = −2z̄ అవుతుంది. c సున్నా కానప్పుడు మాపాలు తీసుకుంటే |z² + c| = 2|z| దగ్గర ఆగిపోతాం, అది |z| ఒక్కదాన్నే ఇవ్వదు. c = 0 లోనూ z తో భాగించి మొదలుపెడితే 0 పోతుంది, y తో భాగించినప్పటి తప్పే ఇదీ.

c = 1 దగ్గర అతిపరావలయం విరిగిపోయి తన అనంత స్పర్శరేఖలే అవుతుంది: y = x + 1, y = −(x + 1). ఈ రెండూ (−1, 0) దగ్గర కలుస్తాయి, ఆ బిందువు x అక్షం మీదే ఉంది. అక్షం మీద ఒకప్పుడు రెండుగా ఉన్న సాధనలు ఇక్కడ ఒకటైపోయాయి. x = 1 రేఖ మీద (1, 2), (1, −2) వేరువేరుగానే ఉన్నాయి. మొదటి ప్రశ్నకు మూడు అన్న జవాబు ఎందుకు వచ్చిందో బొమ్మ ఇలా చూపిస్తుంది. c ఇంకా పెరిగితే శాఖలు పైకీ కిందికీ తెరుచుకుంటాయి, x అక్షం వాటి మధ్య ఖాళీలో పడుతుంది. c = 5 కి మిగిలేవి 1 ± 2√2 i రెండే.

కంప్యూటర్ ల్యాబ్‌లోనో ఫోన్‌లోనో జియోజీబ్రా ఉంటే ఈ మూడు వరుసలు టైపు చేసి c ని జరిపితే మొత్తం కదలిక కనబడుతుంది.

```
c = Slider(-5, 3, 0.1)
x^2 - y^2 + 2x + c = 0
2x*y - 2y = 0
```

c ని −3 మీద, 1 మీద ఆపి చూడాలి. తెర మీద స్పర్శ, ఖండన కొన్నిసార్లు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ఆ రెండు విలువల దగ్గర బొమ్మను పెద్దది చేసి చూసినా లెక్కను కాగితం మీద తేల్చుకోవాలి.

ఇప్పుడు అన్నిటికన్నా లోతైన తప్పు. c = −7 తీసుకోండి. x = 1 దారిలో y² = −4. 'y = ±2i సార్' అని రాసి, దాన్ని z = 1 + iy లో పెట్టి, z = 1 + i(2i) = −1, z = 1 − i(2i) = 3 అని రెండు కొత్త సాధనలు చూపించే విద్యార్థులు ఉంటారు. వాళ్లు బీజగణితంలో ఎక్కడా జారలేదు, అందుకే ఈ తప్పును ఎరుపు సిరాతో కొట్టేసి వదిలేయకూడదు. సరిచూస్తే −1 కి 1 − 2 − 7 = −8 వస్తుంది, 3 కి 9 + 6 − 7 = 8 వస్తుంది. రెండూ సాధనలు కావు. అలాగే c = 5 కి y = 0 దారిలో x = −1 ± 2i అని రాసేస్తే అదీ ఇదే జాతి తప్పు. −1 + 2i పెడితే z² + 2z̄ + 5 విలువ −8i.

కారణం z = x + iy అన్న రాతలోనే ఉంది. ఆ రాతతో పాటు x, y రెండూ వాస్తవ సంఖ్యలు అన్న నియమం వస్తుంది. z̄ = x − iy అని రాయగలిగేది ఆ నియమం వల్లే. y = 2i అని పెట్టిన క్షణంలో 1 + iy, 1 − iy ఒకదానికొకటి సంయుగ్మాలు కావు. అవి −1, 3 అన్న వేరు వేరు వాస్తవ సంఖ్యలు. విడదీసిన రెండు పంక్తుల పక్కన 'x, y వాస్తవాలు' అని మూడో పంక్తిగా రాయడం ఈ తప్పుకు మంచి మందు. y² = −4 వచ్చినప్పుడు దానర్థం ఆ దారిలో సాధన లేదని. బొమ్మలో అయితే రేఖ రెండు శాఖల మధ్య ఖాళీలోంచి పోయిందని.

ఆ దొంగ సాధనలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పవచ్చు. సమీకరణాన్ని z̄ = −(z² + c)/2 అని తిప్పి రాయండి. c వాస్తవం కాబట్టి రెండు వైపులా సంయుగ్మం తీసుకుంటే z = −(z̄² + c)/2. మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే z̄ పూర్తిగా మాయమవుతుంది:

(z² + c)² + 8z + 4c = 0

ఇది z లో నాలుగో తరగతి బహుపది. దీన్ని కారణాంకాలుగా విడదీస్తే

(z² + 2z + c)(z² − 2z + c + 4) = 0

మొదటి కారణాంకం మూలాలు −1 ± √(1 − c), అంటే y = 0 దారి. రెండోదాని మూలాలు 1 ± √(−3 − c), c విలువ −3 కన్నా ఎక్కువైతే ఇవే 1 ± i√(3 + c), అంటే x = 1 దారి. z̄ ని తొలగించాక, పునరావృతాలను కూడా కలుపుకుంటే నాలుగు మూలాలు ఎప్పుడూ ఉంటాయి. కానీ అన్నీ మన సమీకరణానికి సాధనలు కావు. మొదటి జత వాస్తవ సంఖ్యలైతేనే పనికొస్తుంది. రెండో జత వాస్తవ భాగం 1 గా, ఒకదానికొకటి సంయుగ్మాలుగా ఉంటేనే పనికొస్తుంది. c = −7 కి రెండో కారణాంకం z² − 2z − 3, దాని మూలాలు 3, −1. మన దొంగలు వీళ్లే. −(z̄² + c)/2 లో −1 పెడితే 3 వస్తుంది, 3 పెడితే −1 వస్తుంది. సాధన అయితే తన దగ్గరికే రావాలి, ఇవి రెండూ చోట్లు మార్చుకుంటున్నాయి. రెండుసార్లు ప్రతిక్షేపిస్తే తిరిగి మొదటి చోటికే వస్తాయి కాబట్టి నాలుగో తరగతి సమీకరణానికి అవి సాధనల్లాగే కనిపించాయి. సంయుగ్మం తీసుకుని ప్రతిక్షేపించే పద్ధతిలో ప్రతి మూలాన్నీ అసలు సమీకరణంలో పెట్టి చూడక తప్పదు. x + iy పద్ధతిలో ఆ జల్లెడ పని 'x, y వాస్తవాలు' అన్న నియమమే చేసేస్తుంది. ఈ పని తగ్గడం వల్లే పరీక్షలో x + iy పద్ధతే మేలు.

c ని సంకీర్ణ సంఖ్యగా తీసుకుంటే బొమ్మ ఎంత మారుతుందో కూడా చూడాలి. c = p + iq అయితే వాస్తవ భాగం (x + 1)² − y² = 1 − p గా అలాగే ఉంటుంది. కల్పిత భాగం మాత్రం y(x − 1) = −q/2 అవుతుంది. ఇప్పటిదాకా రేఖలుగా ఉన్న x = 1, y = 0 ఇప్పుడు ఇంకో లంబాతిపరావలయానికి అనంత స్పర్శరేఖలుగా మారాయి. q సున్నా కాకపోతే y = 0 గానీ x = 1 గానీ కుదరదు, కాబట్టి ఇక్కడ x − 1 తో భాగించడంలో ప్రమాదం లేదు. ఒక సాధన ఉంటే దాని సంయుగ్మమూ సాధనే అన్న భరోసా కూడా పోతుంది, అది గుణకాలు వాస్తవమైనప్పటి మాట.

చేతితో తేలే ఒక ఉదాహరణ: z² + 2z̄ + 1 + 2i = 0. ఇక్కడ p = 1, q = 2. రెండో సమీకరణం నుంచి y = −1/(x − 1). మొదటిది (x + 1)² = y². కలిపితే (x² − 1)² = 1, అంటే x² = 0 లేదా x² = 2. x = 0 అయితే y = 1. x = √2 అయితే y = −(√2 + 1). x = −√2 అయితే y = √2 − 1. సాధనలు మూడు: i, √2 − (√2 + 1)i, −√2 + (√2 − 1)i. నాలుగో తరగతి సమీకరణంలో x = 0 రెండుసార్లు వచ్చింది. బొమ్మలో y = x + 1 రేఖ (0, 1) దగ్గర రెండో అతిపరావలయాన్ని తాకుతుందన్నమాట.

ఇప్పటిదాకా సాధనలు కలిసిపోయిన మూడు చోట్లు వరుసగా పెట్టి చూడండి: c = −3 కి 1, c = 1 కి −1, c = 1 + 2i కి i. మూడింటి మాపమూ 1. ఇది కాకతాళీయం కాదు. రెండు వక్రాలు తాకేచోట వాటి అభిలంబాలు సమాంతరం కావాలి, లేదా వక్రం విరిగిన బిందువులోలా ఒక దిశ సున్నా కావాలి. మొదటి వక్రానికి ఆ దిశ (2x + 2, −2y), రెండోదానికి (2y, 2x − 2). వీటి నిర్ధారకం (2x + 2)(2x − 2) + 4y² = 4(x² + y² − 1). రెండు సందర్భాల్లోనూ అది సున్నా, అంటే x² + y² = 1. c ఏదైనా సరే, సాధనలు కలిసే చోటు ఎప్పుడూ |z| = 1 వృత్తం మీదే.

కాబట్టి z ఆ వృత్తం మీద ఒక చుట్టు తిరిగితే c = −z² − 2z̄ గీసే వక్రమే సాధనల సంఖ్య మారే సరిహద్దు. అది మూడు మొనలున్న వక్రం, పేరు డెల్టాయిడ్. మొనలు z³ = 1 అయిన మూడు చోట్ల వస్తాయి, అందులో ఒకటి c = −3. c డెల్టాయిడ్ లోపల ఉంటే నాలుగు సాధనలు, బయట ఉంటే రెండు, మొన కాకుండా అంచు మీద ఉంటే మూడు, మొన మీద ఉంటే రెండు. వాస్తవ c కి మనం తేల్చుకున్న −3, 1 అనే విలువలు ఈ వక్రం వాస్తవ అక్షాన్ని తాకే రెండు బిందువులు. z² స్థానంలో z లో n తరగతి బహుపది ఉంటే, n కనీసం 2 అయినప్పుడు, ఇలాంటి సమీకరణానికి సాధనలు 3n − 2 కి మించవని ఖవిన్సన్, స్వియోంటెక్ 2003 లో నిరూపించారు. n = 2 పెడితే మన నాలుగే వస్తుంది.